“ఎన్ని రోజుల్లో వస్తుంది అక్కా?”: డెలివరీ, రిటర్న్, ఆలస్యం గురించి ఎలా రాయాలి

ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చీరలు, నగలు అమ్మే హైదరాబాద్ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఫొటోలు ఎలా తీయాలి, రీల్స్ ఎలా చేయాలి అన్నవి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఈ సాయంత్రం ఒకే ఒక్క హైలైట్ గురించి మాట్లాడతాను. మీలో చాలామంది ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ మీద ‘పాలసీ’ అని ఒక గుండ్రటి బొమ్మ ఉంటుంది కదా, దాని గురించి. అది ఉన్నా కూడా రోజూ అవే మెసేజ్‌లు ఎందుకు వస్తున్నాయి, దాన్ని ఎలా తిరగరాస్తే తగ్గుతాయి అన్నదే నా మాట.

కొత్తపేటలో ఒక అక్క చీరలు అమ్ముతుంది. చీరతో పాటు ఫాల్, పీకో చేయించి ఇస్తుంది. అడిగితే కొంగుకి కుచ్చులు వేయిస్తుంది, జాకెట్టు కుట్టిస్తుంది. ఆమె హైలైట్‌లో ఒకే స్లైడ్ ఉండేది. ఎర్ర చీర ఫొటో మీద సన్నటి తెల్ల అక్షరాలు: “షిప్పింగ్ 5-7 వర్కింగ్ డేస్. నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్, నో రిఫండ్. ఆలస్యానికి మా బాధ్యత లేదు.”

ముందుగా ఆమెని ఒక పని చేయమన్నాను. మీరూ రేపు ఇదే మొదలుపెట్టండి. నెల రోజుల మెసేజ్‌లు తెరిచి, వచ్చిన ప్రశ్నల్ని కస్టమర్ ఎలా రాస్తే అలాగే ఒక నోటుబుక్కులో ఎక్కించాలి. ‘డెలివరీ గురించి’ అని ముద్దగా రాయొద్దు. “అక్కా శుక్రవారం లోపు వస్తుందా”, “కుచ్చులు వేస్తే ఇంకా లేట్ అవుతుందా”, “డబ్బులు పంపా, ఎప్పుడు పంపిస్తారు”, “ట్రాకింగ్‌లో ఏమీ చూపించట్లేదు”, అచ్చం ఇలాగే రాయాలి. ఆ తర్వాత ప్రతి ప్రశ్న పక్కన ఒక గుర్తు పెట్టాలి: అడిగినావిడ అప్పటికి డబ్బు కట్టిందా, కట్టలేదా?

ఈ గుర్తు ఎందుకంటే, హైలైట్ అనేది కొనబోయేవాళ్లు చదివేది. డబ్బు కట్టేశాక ఎవరూ వెనక్కి వచ్చి హైలైట్ తెరవరు, నేరుగా మిమ్మల్నే అడుగుతారు. అందుకని డబ్బు కట్టిన తర్వాత వచ్చే ప్రశ్నలు హైలైట్ ఎంత బాగా రాసినా తగ్గవు. వాటికి మందు మీరు పంపే ఆర్డర్ మెసేజ్‌లోనే ఉంది. ఇది తెలియక చాలామంది హైలైట్‌ని పదేపదే మార్చి, “ఎవరూ చదవరండీ” అని వదిలేస్తారు.

సరే, ఇప్పుడు ఆమె రాసిన మొదటి వాక్యం చూద్దాం. “5-7 వర్కింగ్ డేస్.” చదివిన మనిషికి ఎన్ని అనుమానాలు వస్తాయో చూడండి. లెక్క ఏ రోజు నుంచి? డబ్బు కట్టిన రోజా, కొరియర్‌కి ఇచ్చిన రోజా? ఏడు రోజుల్లో ఇంటికి వస్తుందా, మీ ఇంటి నుంచి బయల్దేరుతుందా? శనివారం లెక్కేనా? ఉప్పల్‌కీ ఢిల్లీకీ ఒకటే లెక్కా? కుచ్చులు వేయిస్తే కూడా అంతేనా? ఒక్క వాక్యం నుంచి ఇన్ని ప్రశ్నలు పుడుతున్నాయి. ఆమె నోటుబుక్కులో ఎక్కువ ప్రశ్నలు ఇవే.

అందుకని ఆ ఏడు రోజుల్ని రెండుగా విడగొట్టాం. చీర మన చేతిలో ఉండే రోజులు ఒకటి, కొరియర్ చేతిలో ఉండే రోజులు ఒకటి. మొదటిది మన అదుపులో ఉంటుంది, రెండోది ఉండదు. రెంటినీ కలిపి ఒక అంకె వేస్తే, ఆలస్యం ఎక్కడ జరిగిందో కస్టమర్‌కి తెలియదు, కొంతకాలానికి మీకూ తెలియదు.

అంకెలు ఊహించి వేయకూడదు. ఆమె దగ్గర రెండు నెలల కొరియర్ రసీదులు ఉన్నాయి. ఒక్కో పార్సెల్‌కి మూడు తేదీలు రాసుకున్నాం: డబ్బు వచ్చిన రోజు, కొరియర్‌కి ఇచ్చిన రోజు, ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని పడిన రోజు. ఊళ్లని మూడు గుంపులు చేశాం: హైదరాబాద్, రెండు తెలుగు రాష్ట్రాలు, మిగతా దేశం. ఇక్కడ చాలామంది సగటు తీస్తారు. సగటు తీయొద్దమ్మా. సగటు మూడు రోజులైతే, పార్సెళ్లలో కొన్ని మూడు రోజులు దాటే వస్తాయి, అవి అందనివాళ్లందరూ నాలుగో రోజు పొద్దున్నే మెసేజ్ చేస్తారు. పదిలో తొమ్మిది పార్సెళ్లు ఎన్ని రోజుల్లోపు చేరాయో ఆ అంకె వేయండి. నలభై పార్సెళ్లలో ముప్పై ఆరు నాలుగు రోజుల్లోపు చేరితే నాలుగు అని రాయండి. మూడో రోజే అందితే సంతోషిస్తారు, ఆ నాలుగు రోజులూ మిమ్మల్ని అడగరు.

ఆమె లెక్క ఇలా తేలింది. పని ఏమీ లేని చీర మర్నాడే కొరియర్‌కి వెళ్తుంది. ఫాల్, పీకోకి 2 రోజులు. కుచ్చులకి 4. జాకెట్టుకి 10, అదీ ఆది జాకెట్టు ఆమె చేతికి అందాక. కొరియర్ హైదరాబాద్‌లో 2, తెలుగు రాష్ట్రాల్లో 4, బయటి రాష్ట్రాలకి 7. ఇవి ఆమె అంకెలు, మీవి వేరుగా ఉంటాయి.

దీన్ని పట్టికలా పెడితే కస్టమర్ కూడికలు చేసుకోవాలి, చేసుకోరు. అందుకే వారాల పేర్లతో ఒక ఉదాహరణ రాశాం. స్లైడ్ పైన కస్టమర్ అడిగే మాటే శీర్షిక: “ఎన్ని రోజుల్లో వస్తుంది?” కింద: “సోమవారం డబ్బు కడితే, ఫాల్, పీకో చేసిన చీర బుధవారం కొరియర్‌కి ఇస్తాం. విజయవాడకి వచ్చే సోమవారం లోపు చేరుతుంది. ఆదివారాలు, పండగ సెలవులు లెక్కలోకి రావు.” లెక్క సరిచూడండి. మంగళ, బుధ మన పని. గురు, శుక్ర, శని కొరియర్‌వి, ఆదివారం పోగా సోమవారం నాలుగో రోజు. ఈ మూడు వాక్యాల్లో ఏ రోజు నుంచి లెక్క, ఏ రోజు లెక్కలోకి రాదు, ఎక్కడ మన పని అయిపోతుంది అన్నీ వచ్చేశాయి. జాకెట్టుకి వేరే స్లైడ్ పెట్టాం: “జాకెట్టుకి లెక్క మీ ఆది జాకెట్టు మాకు అందిన మర్నాటి నుంచి.” ఆమె నోటుబుక్కులో గొడవగా మారిన మెసేజ్‌లన్నీ ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల వచ్చినవే. కస్టమర్ డబ్బు కట్టిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటోంది, ఆది జాకెట్టు మాత్రం వారం తర్వాత పంపింది.

ఇక రెండో వాక్యం. “నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్, నో రిఫండ్.” ఇది మీలో చాలామంది పెట్టుకున్నారు. నేను గట్టిగా చెప్తున్నాను, దీన్ని తీసేయండి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమాల ప్రకారం, సరుకు లోపంతో వచ్చినా, ప్రకటనలో చూపించినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి అందినా, వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మేవాళ్లు అనడానికి లేదు. ఆలస్యం విషయంలో మాత్రం వరదల్లాంటి ఎవరి చేతిలోనూ లేని కారణానికి మినహాయింపు ఉంది. ఇంట్లోంచి అమ్ముతున్నాం కదా, మాకెందుకు వర్తిస్తుంది అనుకోవద్దు. ఎప్పుడో ఒకసారి సొంత చీర అమ్ముకునేవాళ్లకి వర్తించదు గానీ, వ్యాపారంగా క్రమం తప్పకుండా అమ్మేవాళ్లకి ఆ మినహాయింపు లేదు. కస్టమర్ 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు మీ స్లైడ్ మిమ్మల్ని కాపాడదు.

చట్టం సంగతి అలా ఉంచినా, ఈ వాక్యం ప్రశ్నల్ని ఆపదు, పెంచుతుంది. “నో రిటర్న్” చదివినావిడ వెంటనే ఏం అడుగుతుంది? “డ్యామేజ్ వస్తే ఏంటి అక్కా?” అందుకని ఆ ప్రశ్నకే ముందు జవాబు రాయాలి. కొత్తపేట అక్క రాసింది ఇది:

“చిరుగు ఉన్నా, మరక ఉన్నా, వేరే చీర వచ్చినా వెనక్కి తీసుకుంటాం. కొరియర్ ఖర్చు మాదే. అందిన 48 గంటల్లో ఫొటో పంపండి. చీర మాకు చేరిన 3 రోజుల్లో, మీరు డబ్బు పంపిన ఖాతాకే తిరిగి పంపుతాం.”

తర్వాతి స్లైడ్‌లో: “నచ్చలేదన్న కారణంతో వెనక్కి తీసుకోం. కొనేముందు పగటి వెలుతురులో వీడియో అడగండి, పంపుతాం.” ఇలా ఒప్పుకునేదీ ఒప్పుకోనిదీ వేర్వేరు స్లైడ్లలో ఉండాలి. ఒకే స్లైడ్‌లో కలిపితే మనిషి కన్ను ‘తీసుకోం’ దగ్గరే ఆగిపోతుంది.

ప్యాకెట్ విప్పే వీడియో గురించి ఒక మాట. “వీడియో లేకపోతే ఏదీ ఒప్పుకోం” అని రాస్తున్నారు. మోసాలు జరుగుతున్నాయి, నాకు తెలుసు, మీ భయం న్యాయమైనదే. కానీ వీడియో లేనంత మాత్రాన చిరిగిన చీర మంచిదైపోదు. “ప్యాకెట్ కత్తిరించకముందు నుంచి, మీ అడ్రస్ కనిపించేలా, మధ్యలో ఆపకుండా వీడియో తీయండి. అది ఉంటే అదే రోజు తేల్చేస్తాం” అని రాయండి. ఎలా తీయాలో చెప్తే చాలామంది తీస్తారు. ఎలా తీయాలో చెప్పకుండా ‘వీడియో తప్పనిసరి’ అంటే, సగం విప్పాక తీసి పంపుతారు, అప్పుడు మొదలవుతుంది వాదన.

పోచంపల్లి ఇక్కత్ అమ్మేవాళ్లు ఇక్కడ ఉన్నారు కనుక ఇది కూడా. నేయకముందే నూలుకి రంగు అద్దుతారు కాబట్టి ఆ డిజైన్ అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి, అది ఆ నేతకి సహజం. తెలియని కస్టమర్ దాన్ని ‘ప్రింట్ సరిగ్గా పడలేదు’ అంటుంది. మాటల్లో చెప్పడం కష్టం. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టండి: దగ్గరి నుంచి తీసిన అంచు ఒకటి, దాని కింద ‘ఇది ఇక్కత్ స్వభావం’ అని. నిజంగా తెగిన పోగు ఒకటి, దాని కింద ‘ఇది లోపం, వెనక్కి తీసుకుంటాం’ అని. ఏది లోపమో మీరే చూపించాక మీ మాట మీద నమ్మకం కుదురుతుంది.

మూడోది ఆలస్యం. “ఆలస్యానికి మా బాధ్యత లేదు” అన్న వాక్యం నిలవదని ఇప్పుడే విన్నారు. దాని బదులు ఏం రాయాలి? ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ఆలస్యమైతే మీరేం చేస్తారు అన్నది ఎప్పటికీ మారని నియమం, అది హైలైట్‌లో ఉండాలి. ఈ వారం ఎందుకు ఆలస్యం అన్నది వార్త, అది హైలైట్‌లో ఉండకూడదు. “వర్షాల వల్ల డెలివరీలు ఆలస్యం” అన్న స్లైడ్ మండుటెండల్లో కూడా హైలైట్‌లో కనిపిస్తే, కస్టమర్ మిగతా స్లైడ్లని కూడా నమ్మదు, అడిగే తెలుసుకుంటుంది.

నియమం స్లైడ్ ఇలా: “చెప్పిన తేదీకి పంపలేమని తెలిసిన రోజే మేమే మీకు మెసేజ్ చేస్తాం. కొత్త తేదీ చెప్తాం. అప్పటిదాకా ఆగడం కుదరకపోతే మీ డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం.” ఇది రాస్తే పాటించాలి, పాటించలేమనుకుంటే రాయకండి. ఆ మెసేజ్ కూడా ముందే తయారుగా ఉంచుకోండి: “నమస్తే అండి. మీ మెరూన్ చీర కుచ్చులు పూర్తి కాలేదు. బుధవారం పంపుతామన్నది శుక్రవారం పంపుతాం. మీకు సోమవారం బదులు తర్వాతి బుధవారం లోపు అందుతుంది. ఆ లోపు మీకు ఫంక్షన్ ఉంటే చెప్పండి, కుచ్చులు లేకుండా ఇవాళే పంపగలం, లేదా డబ్బు తిరిగి ఇస్తాం.” ఏ పని ఆగింది, ఎప్పుడు కదులుతుంది, ఎప్పుడు అందుతుంది, కస్టమర్ ఏం ఎంచుకోవచ్చు, అన్నీ ఇందులో ఉన్నాయి. ‘కొంచెం లేట్ అవుతుంది, సారీ’ అని పంపితే రోజుకో మెసేజ్ తిరిగొస్తుంది, ఎందుకంటే అందులో తేదీ లేదు.

ముందే తెలిసిన ఆలస్యాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం రోజు బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా దారులు మళ్లిస్తారు, కొరియర్ బండి మీ సందులోకి రావడం కష్టం. ఆ తేదీ మీకు ముందే తెలుసు, ఆ రోజుని మీ లెక్కలోంచి ముందే తీసేయండి. ఇంకా గట్టి పరీక్ష వరలక్ష్మీ వ్రతం. శ్రావణమాసంలో చీర శుక్రవారానికి అందకపోతే శనివారం అందినా ఆమెకి ప్రయోజనం లేదు. అందుకే ‘ఎన్ని రోజులు’ అన్న లెక్కని వెనక నుంచి వేసి ‘ఆఖరి తేదీ’గా పెట్టాలి.

వేద్దాం. వ్రతం శుక్రవారం. విజయవాడకి గురువారం చేరాలి. కొరియర్ నాలుగు రోజులు సోమ, మంగళ, బుధ, గురు. అంటే అంతకుముందు శనివారం కొరియర్‌కి ఇచ్చేయాలి. ఫాల్, పీకోకి శుక్ర, శని. డబ్బు అంతకుముందు గురువారమే అందాలి, వ్రతానికి ఎనిమిది రోజుల ముందన్నమాట. పండగ రద్దీకి మరో రెండు రోజులు కలుపుకుంటే మంగళవారం. జాకెట్టు కుట్టాలంటే రద్దీ కలపకుండానే ఆది జాకెట్టు వ్రతానికి పదిహేడు రోజుల ముందు, మంగళవారానికి చేతికి రావాలి. రద్దీ కూడా కలిపి, ఆ ఆఖరి తేదీల్ని శ్రావణం మొదలవకముందే పోస్టు పెట్టి పైన పిన్ చేయండి. గడువు దాటాక ఎవరైనా అడిగితే “ఇప్పుడు పంపగలం, కానీ వ్రతానికి అందుతుందని మాట ఇవ్వలేం” అని చెప్పండి. ఆర్డర్ పోతుందని ఇక్కడ మెత్తబడొద్దు.

ఇక ఇవన్నీ తెరమీద ఎలా పెట్టాలి అన్నది త్వరగా చెప్తాను. ఫొటో స్టోరీ తెరమీద సుమారు ఐదు సెకన్లే నిలుస్తుంది. వేలు నొక్కిపెడితే ఆగుతుందని అందరికీ తెలియదు. అందుకని స్లైడ్‌కి ఒకే ప్రశ్న, పెద్ద అక్షరాలు, సాదా రంగు మీద, చీర ఫొటో మీద వద్దు. విజయవాడ లెక్కలాగా మూడు వాక్యాలు తప్పనిసరైతే అదే రాతని రెండు స్లైడ్లకి విడగొట్టండి. పైన మీ పేరు, కింద మెసేజ్ రాసే పెట్టె వస్తాయి కాబట్టి ఆ రెండు చోట్లా రాత పెట్టొద్దు. హైలైట్ పేరు ‘పాలసీ’ అని ఉంటే ఎవరూ ముట్టుకోరు. ‘ఎన్ని రోజులు’, ‘రిటర్న్’, ‘ఆలస్యం’ అని మూడు వేర్వేరుగా పెట్టండి. పేరు పొడుగైతే చివర తెగిపోతుంది.

వేర్వేరుగా పెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. హైలైట్‌లో ఉన్న స్లైడ్‌ని మీరు దిద్దలేరు. పాతది తీసేసి కొత్తది వేయాలి, ఆ కొత్తది చివరికి వెళ్లి కూర్చుంటుంది. పదిహేను స్లైడ్ల హైలైట్‌లో మొదటిది మారిస్తే వరసంతా చెడుతుంది. మూడు నాలుగు స్లైడ్లే ఉంటే మొత్తం మళ్లీ వేసేయడానికి ఎంతో సేపు పట్టదు. పిన్ చేసిన పోస్టులో బొమ్మల్ని మార్చలేరు గానీ, కింద రాసిన క్యాప్షన్ ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. కాబట్టి మారని నియమాలు బొమ్మల్లో, మారే తేదీలు క్యాప్షన్‌లో.

రీల్ చూసి నేరుగా మెసేజ్‌లోకి వచ్చేవాళ్లు ప్రొఫైల్ తెరవనే తెరవరు. వాళ్లకి అదే వాక్యాలు పంపాలి. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ ఖాతాలో సేవ్ చేసిన జవాబులు, వాట్సాప్ బిజినెస్‌లో / కొట్టగానే వచ్చే క్విక్ రిప్లైలు ఉన్నాయి. హైలైట్‌లో ఉన్న మాటల్నే అక్షరం మారకుండా అక్కడ పెట్టుకోండి. హైలైట్‌లో నాలుగు రోజులని, మెసేజ్‌లో ‘మూడు నాలుగు రోజులు’ అని ఉంటే, కస్టమర్ మూడే పట్టుకుంటుంది.

డబ్బు కట్టాక వెళ్లే ఆర్డర్ మెసేజ్‌లో రోజుల సంఖ్య వద్దు, తేదీ రాయండి: ఏ తేదీన కొరియర్‌కి ఇస్తారు, ఏ తేదీ లోపు అందుతుంది. పంపిన రోజు ట్రాకింగ్ నంబర్‌తో పాటు ఈ ఒక్క వాక్యం కలపండి: “ట్రాకింగ్‌లో రేపటి నుంచి కనిపిస్తుంది.” పార్సెల్ మీ వీధి కొరియర్ షాపు నుంచి పెద్ద కేంద్రానికి వెళ్లి అక్కడ స్కాన్ అయ్యేదాకా చాలాసార్లు ఏమీ కనిపించదు. “ట్రాకింగ్‌లో ఏమీ రావట్లేదు” అన్న మెసేజ్‌లన్నీ ఆ ఒక్క రాత్రివే.

నెల తర్వాత మళ్లీ నోటుబుక్కు తీయండి. ప్రశ్నలు ఎన్ని తగ్గాయన్నది ఒకటి, ఎలా మారాయన్నది ఇంకా ముఖ్యం. కొత్తపేట అక్కకి “ఎన్ని రోజులు” బదులు “మా ఊరు మంచిర్యాల దగ్గర పల్లె, మాకూ నాలుగు రోజులేనా” అని రావడం మొదలైంది. అంటే స్లైడ్ చదువుతున్నారు, అందులో ఒక వాక్యం తక్కువైంది. కొరియర్ రాని ఊళ్లకి స్పీడ్ పోస్టులో పంపుతామని, దానికి ఇన్ని రోజులని ఇంకో స్లైడ్ కలిపింది.

అక్కడ వెనక కూర్చున్నావిడ ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు, చెప్పండమ్మా. అన్నీ రాసినా చదవకుండా అడిగితే ఏం చేయాలి అంటున్నారు. “హైలైట్ చూడండి” అని మాత్రం అనొద్దు, అది తలుపు వేసినట్టు ఉంటుంది. ముందు జవాబు ఇవ్వండి, ఆ తర్వాత హైలైట్ లింకు పంపండి: “విజయవాడకి నాలుగు రోజులండి. కుచ్చులు, జాకెట్టు వివరాలు ఇందులో ఉన్నాయి” అని. ఆవిడ రెండో ప్రశ్న అడిగేముందు ఆ లింకు తెరుస్తుంది.